యూకే థియరీ టెస్ట్: మా మాస్టారు చెప్పిన ముప్పావు గంట, ఆ తర్వాత టెస్ట్ గదిలో జరిగింది

మార్చి చివర్లో నా థియరీ టెస్ట్, అంటే డ్రైవింగ్ లైసెన్స్ కోసం కంప్యూటర్ మీద రాసే పరీక్ష, అయింది, పాసయ్యాను. మేముండే రెడింగ్‌లో ఈ టెస్ట్ రాయబోతున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. నాకు బాగా పనికొచ్చింది పుస్తకం కాదు, యాప్ కూడా కాదు. టెస్ట్‌కి నెలన్నర ముందు మా డ్రైవింగ్ మాస్టారు కొత్త బ్యాచ్‌ని కూర్చోబెట్టి చెప్పిన మాటలు. అవి మర్చిపోకముందే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను గుంటూరులోనూ విజయవాడలోనూ చాలా ఏళ్లు కారు నడిపాను. గత ఆగస్టులో ఇక్కడికి వచ్చాం. మన ఇండియన్ లైసెన్స్‌తో ఇక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలల వరకే నడపనిస్తారు. కొన్ని దేశాల లైసెన్సులను ఇక్కడి లైసెన్స్‌గా మార్చి ఇస్తారు కానీ ఇండియాకి ఆ సౌకర్యం లేదు. ఏడాది దాటితే మనం కొత్తగా నేర్చుకునేవాళ్ల కిందే లెక్క. కారుకి ఎల్ బోర్డు తగిలించి, పక్కన 21 ఏళ్లు దాటి మూడేళ్లుగా లైసెన్స్ ఉన్నవాళ్లని కూర్చోబెట్టుకుని నడపాలి. ఆగస్టు దాకా ఆగితే పిల్లాడి స్కూలు, సరుకులు అన్నీ ఆగిపోతాయని జనవరిలోనే పని మొదలుపెట్టాను.

ముందు ప్రొవిజనల్ లైసెన్స్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్స్ కావాలి. ప్రభుత్వ సైట్ GOV.UK లో అప్లై చేస్తే 34 పౌండ్లు, పోస్టులో పంపితే 43. గత మూడేళ్లలో ఉన్న అడ్రసులన్నీ అడుగుతారు, అందులో మన ఇండియా అడ్రసు కూడా వస్తుంది, కాబట్టి తేదీలతో సహా ముందే రాసి పెట్టుకోండి. కార్డు పది రోజుల్లోపే పోస్టులో వచ్చింది. ఆ కార్డు మీదున్న నంబరు లేకుండా థియరీ టెస్ట్ బుక్ కాదు. టెస్ట్ ఫీజు 23 పౌండ్లు. గూగుల్‌లో వెతికితే మొదట కనిపించే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వ సైట్లలాగే ఉంటాయి, మన తరఫున బుక్ చేసి పెడతామని ఇంకొంత లాగుతాయి. పేరు చూసుకుని కట్టండి.

డ్రైవింగ్ పాఠాలకి నేను ఎంచుకున్న మాస్టారు కాకినాడ వైపు ఆయన. ఇక్కడ ఇన్‌స్ట్రక్టర్ కారు అద్దం మీద ఆకుపచ్చ బ్యాడ్జి ఉంటే పూర్తి అర్హత ఉన్నట్టు, గులాబీ రంగుదైతే ఆయన ఇంకా ట్రైనింగ్‌లో ఉన్నట్టు. ఈయనది ఆకుపచ్చది. కొత్తగా చేరినవాళ్లందరినీ ఒక ఆదివారం పొద్దున్న పిలిచి, కారు ఎక్కించకముందే థియరీ గురించి మాట్లాడతారు. దానికి ఫీజు తీసుకోరు. ఫిబ్రవరి మొదట్లో మా బ్యాచ్ వంతు వచ్చింది. ఒక కమ్యూనిటీ సెంటర్‌లో చిన్న గది, ఒక లాప్‌టాప్, గోడ మీద తెర. మాలో ఇద్దరు యూనివర్సిటీ విద్యార్థులు, ఒక కేర్ హోమ్‌లో పనిచేసే చెల్లెమ్మ, నాలాగా భర్త ఉద్యోగం మీద వచ్చిన ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, హైదరాబాద్‌లో పదిహేనేళ్లు కారు నడిపిన ఒకాయన ఉన్నాం.

మాస్టారు రాగానే అడిగిన మొదటి ప్రశ్న, "ఇండియాలో బాగా నడిపినవాళ్లు ఎవరు?" అని. మేం నలుగురం చేతులెత్తాం. "మీ నలుగురి గురించే నా బెంగ. స్టీరింగ్ ఎప్పుడూ పట్టనివాళ్లు చదివింది చదివినట్టు రాసి పాసైపోతారు. మీరు రోడ్డు మీద చేసేదే జవాబుగా పెడతారు" అన్నారు.

హైదరాబాద్ ఆయనకి ఆ మాట నచ్చలేదు. "పదిహేనేళ్లలో చిన్న గీత కూడా పడలేదండీ నా బండికి" అన్నారు. మాస్టారు నవ్వి, "మంచిదండీ. అయితే ఒక ప్రశ్నకి జవాబు చెప్పండి. మీరు వెళుతున్నారు. వెనకున్న కారు మీకు మరీ దగ్గరగా అంటుకుని వస్తోంది. ఏం చేస్తారు?" అని అడిగారు. "కొంచెం స్పీడ్ పెంచుతాను, లేదా పక్కకి జరిగి దారిస్తాను" అన్నారాయన. నేనైనా అదే చెప్పేదాన్ని. మాస్టారు తల అడ్డంగా ఊపారు. టెస్ట్‌కి కావలసిన జవాబు, మెల్లగా వేగం తగ్గించి ముందున్న బండికీ మనకీ మధ్య దూరం పెంచుకోవడం. వెనకవాడు దూరం ఉంచలేదు కాబట్టి మనం గట్టిగా బ్రేక్ వేస్తే వచ్చి గుద్దుతాడు. ముందు ఖాళీ ఎక్కువ ఉంటే మనకి గట్టిగా బ్రేక్ వేయాల్సిన అవసరమే రాదు. వెనకవాడి కోసం కూడా ఆ దూరం మనమే ఉంచాలి. కారణం తెలిశాక ఆ జవాబు నేనిక మర్చిపోలేదు.

అలాంటివే ఇంకో మూడు చెప్పారు. నాలుగు ఆప్షన్లలో మన చెయ్యి తప్పుడు దాని మీదకే పోయేవి అవి.

మొదటిది హారన్. మన దగ్గర అది లేకుండా బండి కదలదు. ఇక్కడ హారన్ ఉన్నది మనం వస్తున్నామని హెచ్చరించడానికి మాత్రమే. ఆగి ఉన్న బండిలోంచి కొట్టకూడదు, ఇంకో బండి వల్ల ప్రమాదం వస్తే తప్ప. ఊళ్లలో రాత్రి 11:30 నుంచి పొద్దున 7 వరకూ కొట్టకూడదు. ఆ వేళల మీద కూడా ప్రశ్న రావచ్చు.

రెండోది హెడ్‌లైట్ కొట్టడం. ఎదురుగా వచ్చేవాడు లైటు కొడితే మన రోడ్ల మీద "నేనొస్తున్నా, ఆగు" అని అర్థం. ఇక్కడ రోడ్డు మీద చాలామంది దాన్నే "మీరు వెళ్లండి" అనడానికి వాడతారు. ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ ఈ రెండూ ఒప్పుకోదు. లైటు కొట్టేది మనం ఇక్కడున్నామని తెలియజేయడానికే, ఎదుటివాడు లైటు కొట్టాడని ముందుకు పోకూడదు, మన కళ్లతో చూసుకునే వెళ్లాలి. "రోడ్డు మీద జనం ఏం చేస్తున్నారో టెస్ట్‌లో అడగరమ్మా. పుస్తకంలో ఏముందో అది అడుగుతారు" అన్నారు మాస్టారు.

మూడోది నడిచేవాళ్ల గురించి. మనం సందులోకి తిరుగుతున్నాం, ఆ సందు దాటడానికి ఒకావిడ అంచున నిలబడి ఉంది. ఇంకా అడుగు వేయలేదు. ఎవరు ఆగాలి? 2022 జనవరిలో హైవే కోడ్ మారింది. దాటుతున్నవాళ్లకే కాదు, దాటడానికి నిలబడ్డవాళ్లకీ మనమే దారివ్వాలి. పాత పుస్తకాలు, ఎవరో వాడి ఇచ్చిన పాత సీడీలు చదివితే ఇక్కడ దెబ్బతింటారని ప్రత్యేకంగా చెప్పారు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి చేతిలో అలాంటి పుస్తకమే ఉంది. ఆయన దాన్ని తీసుకుని ముద్రించిన సంవత్సరం చూసి, "దీన్ని పక్కన పెట్టమ్మా. హైవే కోడ్ ఆన్‌లైన్‌లో ఊరికే దొరుకుతుంది, అదే చదువు" అని తిరిగిచ్చేశారు.

ప్రశ్నలు బట్టీ పట్టడం గురించి ఆయన గట్టిగానే మాట్లాడారు. టెస్ట్‌లో వచ్చే అసలు ప్రశ్నల్ని 2012 నుంచి బయటపెట్టడం లేదు. యాప్‌లలో ఉన్నవి వాటిలాంటివే కానీ అవే కాదు. అందుకే యాప్‌లో 50కి 50 వచ్చినవాళ్లు కూడా అక్కడ మాటలు కాస్త మారేసరికి తికమకపడతారు. దానికి ఆయన చెప్పిన పద్ధతి చిన్నదే. ప్రశ్న కనిపించగానే ఆప్షన్లను చేత్తో మూసేయాలి. మనసులో జవాబు అనుకోవాలి, ఎందుకు అనే కారణం కూడా అనుకోవాలి, అప్పుడు చెయ్యి తీసి అలాంటిది ఎక్కడుందో చూడాలి. మొదటి వారం ఇది విసుగు పుట్టించింది. యాప్‌లో ఒక సెట్ అవ్వడానికి మామూలు కంటే రెట్టింపు టైమ్ పట్టేది. కానీ నాకు ఏ విషయం నిజంగా తెలియదో అప్పుడే బయటపడింది. ట్రాఫిక్ లైట్లే చూడండి. ఇక్కడ ఎర్ర లైటు తర్వాత ఎరుపు, పసుపు కలిసి వెలుగుతాయి, ఆ తర్వాతే ఆకుపచ్చ. ఆ రెండూ కలిసి వెలిగినప్పుడు కూడా ఆగే ఉండాలి. ఆప్షన్లు మూసి ఆలోచించినప్పుడు, నేను "బయల్దేరడానికి సిద్ధమై కదలొచ్చు" అని ఊహ మీద అనుకుంటున్నానని తెలిసింది.

ఆగే దూరాల పట్టిక అంటే అందరికీ టెన్షనే. ఎంత వేగంలో ఉంటే ప్రమాదం చూశాక ఎన్ని మీటర్లలో ఆగుతామన్నది ఆ పట్టిక. మాస్టారు దాన్ని బోర్డు మీద లెక్కలా చేసి చూపించారు. గంటకి 20 మైళ్ల దగ్గర మొదలుపెట్టి రెండుతో గుణించమన్నారు. 40 అడుగులు. 30 అయితే రెండున్నరతో, 75 అడుగులు. 40 అయితే మూడుతో, 120. అలా పది మైళ్లు పెరిగినప్పుడల్లా గుణించే అంకె అర పెరుగుతుంది. 70 అయితే నాలుగున్నరతో, 315 అడుగులు. మీటర్లు కావాలంటే 3.28తో భాగించాలి. 30కి 23 మీటర్లు, 70కి 96 మీటర్లు వస్తాయి. పుస్తకంలో ఉన్నవీ అవే. ఎందుకలా పెరుగుతుందో కూడా చెప్పారు. మనం ప్రమాదం చూసి బ్రేక్ మీద కాలు పెట్టేలోపు బండి పోయే దూరం వేగంతో పాటే పెరుగుతుంది, 30కి 9 మీటర్లు, 60కి 18. కానీ బ్రేక్ పట్టాక పోయే దూరం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది, 30కి 14 మీటర్లు, 60కి 55. ఇది పొడి రోడ్డు మాట. తడి రోడ్డు మీద ముందు బండికి ఉంచే దూరం కనీసం రెట్టింపు చేయాలి. మంచు గడ్డకట్టి ఉంటే పదింతలు కావచ్చు.

ఇదంతా అయ్యేసరికి పాతిక నిమిషాలు గడిచాయి. మిగతా సమయమంతా హజార్డ్ పర్సెప్షన్, అంటే రోడ్డు మీద ప్రమాదాన్ని ముందే పసిగట్టే భాగం మీదే పెట్టారు. నాకు తెలిసి మన వాళ్లు ఎక్కువమంది ఫెయిలయ్యేది ఇక్కడే, నేను ఇంత రాస్తున్నదీ దీని కోసమే.

టెస్ట్ రెండు భాగాలు. మొదటిది 50 ప్రశ్నలు, 57 నిమిషాలు, 43 సరిగ్గా రావాలి. రెండోది 14 వీడియో క్లిప్పులు. ఒక్కోటి నిమిషం దాకా ఉంటుంది, కారు నడిపేవాడి సీట్లోంచి రోడ్డు కనిపిస్తుంది. ప్రమాదం తయారవుతున్నట్టు కనిపిస్తే మౌస్ క్లిక్ చేయాలి. మొత్తం 15 ప్రమాదాలు, ఒక్కోదానికి 5 మార్కుల వరకు. 75కి 44 రావాలి. రెండు భాగాలూ ఒకేసారి పాసవ్వాలి, ఒకటి పోతే రెండూ మళ్లీ రాయాలి, మళ్లీ 23 పౌండ్లు. మాస్టారి పాత విద్యార్థి ఒకతను ప్రశ్నల్లో 50కి 48 తెచ్చుకుని క్లిప్పుల్లో 42 దగ్గర ఆగిపోయాడట. ఆ 48 ఎందుకూ పనికిరాలేదు.

మాస్టారు తెర మీద ఒక ప్రాక్టీస్ క్లిప్ పెట్టారు. మా అందరి చేతుల్లో పెన్నులు. ఎక్కడ క్లిక్ చేయాలనిపిస్తే అక్కడ బల్ల మీద కొట్టమన్నారు. ఇళ్ల మధ్య వీధి. ఎడమ పక్క వరుసగా కార్లు ఆగి ఉన్నాయి. మన బండి మామూలు వేగంతో పోతోంది. మొదలైన కాసేపటికే హైదరాబాద్ ఆయన పెన్ను టక్‌మంది. దూరంగా ఆగి ఉన్న ఒక నీలం కారులో డ్రైవర్ కూర్చుని ఉన్నాడని ఆయన కనిపెట్టారు. నాకింకా ఆ కారే కనిపించలేదు. తర్వాత కొన్ని క్షణాలకి ఆ కారు కుడి ఇండికేటర్ వెలిగింది, ముందు చక్రం తిరిగింది, అప్పుడు మా అందరి పెన్నులూ మోగాయి. ఆయన పెన్ను మోగలేదు. తాను ముందే కొట్టేశాను కదా అని ఊరుకున్నారు. కారు రోడ్డు మీదకి వచ్చింది, మన బండి వేగం తగ్గించింది, క్లిప్ అయిపోయింది.

మాస్టారు మళ్లీ వెనక్కి జరిపి, ఒక్కో చోట ఆపుతూ చూపించారు. ఆగి ఉన్న కారు, అందులో మనిషి. ఇది ప్రమాదం కావచ్చు, కాకపోవచ్చు. మన బండి ఇంకా ఏమీ చేయాల్సిన పని లేదు. క్లిక్ చేస్తే మార్కులు పడే ఆ కొద్ది క్షణాల కిటికీ ఇంకా తెరుచుకోలేదు. ఇండికేటర్ వెలిగి కారు కదలడం మొదలైతే మనం వేగం తగ్గించాలో, పక్కకి జరగాలో నిర్ణయించుకోవాలి. అక్కడ తెరుచుకుంటుంది. తెరుచుకోగానే క్లిక్ చేస్తే 5, ఆలస్యమవుతున్న కొద్దీ 4, 3, 2, 1, ఆ తర్వాత సున్నా. "మీరు అందరికంటే ముందు చూశారండీ. మీకు సున్నా వచ్చింది" అన్నారు హైదరాబాద్ ఆయనతో. గది అంతా నిశ్శబ్దమైపోయింది. ఆయన ముఖం చూస్తే నాకు నిజంగా బాధేసింది, ఎందుకంటే ఆయన డ్రైవింగ్‌లో తప్పేమీ లేదు. కంప్యూటర్‌కి ఆయన చూసింది తెలియదు, ఆయన క్లిక్ ఏ క్షణంలో పడిందో అదే తెలుసు.

దానికి మందు కూడా అక్కడే చెప్పారు. ముందే క్లిక్ చేసినందుకు మార్కులు కోయరు. కాబట్టి అనుమానం రాగానే ఒకటి నొక్కండి. ఆ అనుమానం నిజమవుతూ ఏదైనా మారగానే, అంటే ఇండికేటర్, చక్రం, అడుగు ముందుకేసిన మనిషి, అప్పుడు రెండోది నొక్కండి. ఆ వెంటనే పరిస్థితి ఇంకా ముదిరితే మూడోది. ఈ రెండు మూడు క్లిక్కుల్లో ఒకటి కిటికీ తెరుచుకున్న కొత్తలోనే పడుతుంది. కాకపోతే ఒక హద్దు ఉంది. క్లిప్ పొడుగునా టక్ టక్‌మని వరుసగా నొక్కినా, పాటకి తాళం వేసినట్టు సమానమైన వ్యవధిలో నొక్కినా కంప్యూటర్ పట్టేసి ఆ క్లిప్‌కి సున్నా ఇస్తుంది, తెర మీద ఆ మాట చూపిస్తుంది కూడా. అందుకని చూసిన దానికే నొక్కాలి, భయంతో నొక్కకూడదు.

కేర్ హోమ్ చెల్లెమ్మ అడిగింది, "మాస్టారూ, ఏదైనా ఒకటి పూర్తిగా మిస్సయితే ఫెయిలేనా?" అని. ఆయన లెక్క వేసి చూపించారు. 15 ప్రమాదాలకీ సగటున మూడు వస్తే 45, పాస్. మూడు పూర్తిగా పోయినా మిగతా 12లో నాలుగేసి వస్తే 48, పాసే. "అందుకని ఒకటి పోయిందని దాన్నే తలుచుకుంటూ తర్వాతి క్లిప్‌లో కూర్చోకమ్మా" అన్నారు. ఈ లెక్క నాకు టెస్ట్ గదిలో చాలా ధైర్యమిచ్చింది.

ఇంకో సంగతి, 14 క్లిప్పులకి 15 ప్రమాదాలంటే ఒక క్లిప్‌లో రెండు ఉంటాయి. ఏ క్లిప్పో చెప్పరు. మొదటిది అయిపోగానే హమ్మయ్య అనుకుని చెయ్యి తీసేస్తే రెండోది పోతుంది. క్లిప్ ఆగేదాకా చూపు రోడ్డు చివర ఉండాలన్నారు.

ఇంగ్లిష్ గురించి కూడా ఆ చెల్లెమ్మే అడిగింది. ప్రశ్నల్ని హెడ్‌ఫోన్స్‌లో చదివి వినిపించే ఏర్పాటు ఇంగ్లిష్‌లోనూ వెల్ష్‌లోనూ మాత్రమే ఉంది. 2014 ఏప్రిల్‌కి ముందు వేరే భాషల్లోనూ ఉండేది, ఇప్పుడు లేదు, దుబాసీని తీసుకెళ్లడానికీ ఒప్పుకోరు. ఆమెకి మాట్లాడే ఇంగ్లిష్ బాగానే వచ్చు, చదవడమే నెమ్మది. బుక్ చేసేటప్పుడే వాయిస్‌ఓవర్ పెట్టమని కోరుకోమన్నారు మాస్టారు. టెస్ట్ రోజు అక్కడికెళ్లి అడిగితే కుదరదు.

ఆ ఆదివారం మధ్యాహ్నమే ఇంటికొచ్చి బుక్ చేశాను. మార్చి మూడో వారం దాటాక గానీ నాకు కుదిరే వేళ దొరకలేదు. ఆ ఖాళీ మంచిదే అయింది. పొద్దున పిల్లాడిని స్కూల్లో దింపాక హైవే కోడ్‌లో ఒక భాగం, రాత్రి అధికారిక యాప్‌లో ప్రశ్నలు, శని ఆదివారాల్లో క్లిప్పులు. యాప్‌కి ఐదు పౌండ్ల దాకా అయింది. క్లిప్పులు ఫోన్‌లో కాకుండా లాప్‌టాప్‌లో మౌస్‌తో చేయమని మాస్టారు చెప్పారు. ఫోన్ తెర మీద దూరంగా ఉన్న మనిషి చీమంత కనిపిస్తాడు, పైగా టెస్ట్‌లో మన చేతికి వచ్చేది మౌసే. మొదట్లో నా మార్కులు రెండు మూడు దగ్గరే ఉండేవి. సైడు రోడ్డులోంచి వచ్చే కార్లు త్వరగా పట్టుకునేదాన్ని, సైకిల్‌వాళ్లని ఆలస్యంగా. ఆగి ఉన్న కారుని తప్పించుకోవడానికి సైకిలతను మన దారిలోకి వస్తాడు. ఆ కారు కనిపించినప్పుడే సైకిలతని మీద ఒక కన్ను వేయడం అలవాటయ్యాక నాలుగులు, ఐదులు వచ్చాయి.

టెస్ట్ రోజు ఇరవై నిమిషాలు ముందే చేరాను. ప్రొవిజనల్ కార్డు తప్పనిసరి, ఫోన్‌లో ఫోటో చూపిస్తే చెల్లదు. కార్డు లేకపోతే లోపలికి పంపరు, కట్టిన డబ్బు కూడా పోతుంది. ఫోన్, వాచీ, పర్సు, స్వెటర్ అన్నీ లాకర్‌లో పెట్టించారు. జేబులు బయటికి తీసి చూపించమన్నారు, చేతులు మోచేతి దాకా మడవమన్నారు, కళ్లజోడు తీసి ఇస్తే తిప్పి చూసి ఇచ్చారు. ముందే తెలియకపోతే ఆ తనిఖీకే గుండె దడ మొదలవుతుంది. అక్కడున్నావిడ మాత్రం చాలా మర్యాదగా, ఓపిగ్గా చేసింది. గది చల్లగా ఉంది, స్వెటర్ లోపలికి రానివ్వలేదు, కాబట్టి కాస్త మందం బట్టలు వేసుకెళ్లండి.

తెర మీద ముందు ఎలా నొక్కాలో చూపించి, రెండు మూడు ప్రశ్నలు ప్రాక్టీసుకి ఇచ్చారు. తర్వాత అసలువి. అనుమానమున్న ప్రశ్నకి జెండా గుర్తు పెట్టుకుని చివర్లో మళ్లీ చూసుకోవచ్చు. నేను అలా ఒక ఆరేడింటికి పెట్టుకున్నాను. ఒక చిన్న వీడియో చూపించి దాని మీద మూడు ప్రశ్నలు అడిగారు. ఆ వీడియోని ఎన్నిసార్లయినా చూడొచ్చు. నడిచేవాళ్లకి దారివ్వడం మీద, ముందు బండికి ఉంచే దూరం మీద ప్రశ్నలు వచ్చాయి, మాస్టారు చెప్పిన కారణాలు గుర్తొచ్చి వెంటనే పెట్టేశాను. టైమ్ సరిపోదేమోనన్న భయం అక్కర్లేదు. నిదానంగా రెండోసారి చూసుకున్నా నాకు ఇంకా మిగిలింది.

రెండో భాగానికి ముందు మూడు నిమిషాల వరకు విరామం ఇస్తారు. నేను కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఎందుకంటే ప్రశ్నలు చదివిన కళ్లకి వెంటనే కదిలే బొమ్మలు పట్టడం కష్టం. క్లిప్పుల్లో వెనక్కి వెళ్లి చూడటం, మార్చడం ఏమీ ఉండదు. క్లిక్ చేసినప్పుడల్లా తెర కింద ఒక ఎర్ర జెండా పడుతుంది, నమోదైందని అర్థం. ఎన్ని మార్కులొచ్చాయో మాత్రం చూపించదు. ఇంట్లో యాప్‌లో ప్రతి క్లిప్ తర్వాతా మార్కు చూసి అలవాటైన నాకు, ఆ మౌనమే అన్నిటికంటే కష్టంగా అనిపించింది. పైగా పక్క సీట్లలో వేరేవాళ్ల మౌస్ చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. వాళ్ల తెర మీద క్లిప్ వేరు, దాన్ని బట్టి మనం నొక్కకూడదు. హెడ్‌ఫోన్స్ ఇస్తారు, చప్పుడు తగ్గించుకోవడానికైనా పెట్టుకోండి.

ఐదో క్లిప్పో ఆరోదో, పల్లెటూరి రోడ్డు, మలుపు మీద మలుపు. మలుపు తిరగ్గానే గుర్రం మీద ఒకావిడ. అక్కడ నా చెయ్యి ఆలస్యమైంది, నాకే తెలిసింది. సగటు మూడు చాలు అన్న లెక్క తలుచుకుని దాన్ని వదిలేశాను. ఇంకొక క్లిప్‌లో, బస్సు ఆగి ఉంది. దాని ముందు నుంచి ఎవరైనా వస్తారేమోనని ఒకటి నొక్కాను, ఎవరూ రాలేదు. క్లిప్ ఇంకా నడుస్తోంది కాబట్టి కళ్లు తిప్పలేదు. కాస్త ముందుకెళ్లాక ఎడమ సందులోంచి వ్యాన్ ముక్కు బయటికొచ్చింది, రెండు నొక్కాను. ఆ మొదటి అనుమానంతోనే తృప్తి పడి ఉంటే అది పోయేది.

బయటికి రాగానే కౌంటర్ దగ్గర కాగితం ఇచ్చారు. ప్రశ్నల్లో 47, క్లిప్పుల్లో 56. ఏ అంశాల్లో మార్కులు పోయాయో అందులోనే ఉంది. మోటార్‌వే మీద ఒకటి పోయింది. ఇంటికి నడిచి వస్తూ దారిలోనే మాస్టారికి ఫోన్ చేస్తే, "హజార్డ్‌లో ఎంతమ్మా?" అని అదే ముందు అడిగారు.

మా బ్యాచ్‌లో కేర్ హోమ్ చెల్లెమ్మ వాయిస్‌ఓవర్‌తో రాసి నాకంటే వారం ముందే పాసైంది. హైదరాబాద్ ఆయన క్లిప్పుల మీద నెలంతా కూర్చుని 61 తెచ్చుకున్నారు, అంటే నాకంటే ఎక్కువ. విద్యార్థుల్లో ఒకబ్బాయికి ప్రశ్నల్లో 41 వచ్చింది. మళ్లీ రాయాలంటే కనీసం మూడు పనిదినాల తర్వాతి తేదీకే బుక్ చేయనిస్తారు. అతనికి ఏప్రిల్ మధ్యలో దొరికింది.

ఆ కాగితం మీద ఒక నంబరు ఉంటుంది, దాన్ని జాగ్రత్తగా ఫోటో తీసి పెట్టుకోండి. ప్రాక్టికల్ టెస్ట్ బుక్ చేయాలంటే అది కావాలి. థియరీ పాసైన రోజు నుంచి రెండేళ్ల లోపు ప్రాక్టికల్ పాసవ్వాలి, లేకపోతే థియరీ మళ్లీ రాయాల్సిందే. ప్రాక్టికల్‌కి మామూలు రోజుల్లో 62 పౌండ్లు, తేదీలు నెలల తరబడి దొరకడం లేదు. అందుకే థియరీ అయిన రోజు సాయంత్రమే కూర్చుని దొరికిన మొదటి తేదీ తీసుకున్నాను. అది జులై చివర్లో. నా 12 నెలల గడువు అయిపోవడానికి కొద్ది రోజుల ముందు.